భూసేకరణ ప్రాబ్లమ్‌కు జవాబు ఎలా రాయాలి: ముందు కుటుంబాలు, తర్వాతే లెక్కలు

ఎల్‌ఎల్‌బీ పరీక్షలో భూసేకరణ మీద ప్రాబ్లమ్ రాగానే చాలామంది 1894 చట్టం చరిత్రతో మొదలుపెట్టి, 2013 చట్టం ఉద్దేశాలు ఒక పేజీ రాసి, చివర్లో హడావిడిగా 'కాబట్టి రైతులకు న్యాయమైన పరిహారం ఇవ్వాలి' అని ముగిస్తారు. ప్రశ్నలో ఉన్న మనుషుల పేర్లు ఆ జవాబులో ఒక్కసారి కూడా కనపడవు. మార్కులు పోయేది అక్కడే. ప్రాబ్లమ్ ఇచ్చినవాళ్లు ఒక్కో కుటుంబం పేరు వెనక ఒక్కో సెక్షన్ దాచి పెడతారు. కాబట్టి ఎవరు ఏ రకం కుటుంబమో ముందు తేల్చుకోండి. ప్రజా ప్రయోజనం, పరిహారం, పునరావాసం మూడూ దాని మీదే నిలబడతాయి.

సిద్ధాంతం విడిగా చెబితే గుర్తుండదు. అందుకే ఒక ప్రాబ్లమ్ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా కలిసి చేద్దాం. ఇందులోని ఊరు, మనుషులు, అంకెలు అన్నీ కల్పితమే.

ప్రశ్న ఇది

నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక గ్రామంలో పారిశ్రామిక పార్కు కోసమని 400 ఎకరాలు సేకరించాలని ప్రభుత్వం నిర్ణయించింది. 2023 జూలై 1న సామాజిక ప్రభావ అధ్యయనానికి నోటిఫికేషన్, 2024 మార్చి 1న ప్రాథమిక నోటిఫికేషన్, 2024 అక్టోబర్ 1న డిక్లరేషన్ వచ్చాయి. 2025 జనవరి 1న అవార్డు ప్రకటించారు. ఈ 400 ఎకరాల్లో 320 ఎకరాలను ఒకే ప్రైవేటు కంపెనీకి సేల్ డీడ్ రాసి ఇస్తామని ప్రభుత్వం మొదట్లోనే ఒప్పందం చేసుకున్నట్టు తర్వాత బయటపడింది. గ్రామంలో పట్టా భూములున్న కుటుంబాలు 90, ప్రభుత్వం అసైన్ చేసిన భూములకు డీకేటీ పట్టాలున్న కుటుంబాలు 30. వీళ్లు కాక కౌలు మీద, కూలి మీద బతికే కుటుంబాలు 55. వంద కుటుంబాలు సమ్మతి పత్రాలపై సంతకాలు చేశాయని అధికారులు చెబుతున్నారు. అందులో 12 కౌలుదారులవి.

వెంకయ్యకు రెండెకరాల పట్టా భూమి, అందులో బోరు, నిమ్మ చెట్లు ఉన్నాయి. బోరుకూ చెట్లకూ కలిపి 3 లక్షలని విలువ కట్టారు. పెంచలయ్యకు ఎకరంన్నర డీకేటీ భూమి ఉంది. 'అది ప్రభుత్వం ఇచ్చిన భూమే, ఎక్స్‌గ్రేషియా ఇస్తాం' అని అతనికి చెప్పారు. మస్తాన్ ఐదేళ్లుగా నాలుగెకరాలు నోటి మాట మీద కౌలుకు చేస్తున్నాడు. పెద్ద కొడుక్కి 22 ఏళ్లు, తండ్రితో పాటే పొలం పని చేస్తాడు. చిన్నవాడికి 16. వీళ్ల ఇల్లు సేకరణ హద్దుకు బయట ఉంది. రమణమ్మ భర్త పోయిన కూలి మనిషి. పదేళ్లుగా ఉంటున్న ఇల్లు, ఇంటి పక్కన గేదె పాక సేకరణలో పోతున్నాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు విలువ ఎకరా 6 లక్షలు. అదే రకం భూములకు అంతకు ముందు మూడేళ్లలో పక్క ఊళ్లలో జరిగిన ఆరు రిజిస్ట్రేషన్లలో ఎకరా ధరలు లక్షల్లో 5, 6, 7, 8, 10, 12. గుణకం 1.25 అని ప్రశ్నలోనే ఇచ్చారు. 2025 ఫిబ్రవరిలో భూమి పరిహారం ఖాతాల్లో పడింది. పునరావాసం డబ్బు ఒక్క రూపాయి రాలేదు. మార్చిలో జేసీబీలు పొలాల్లోకి దిగాయి. సలహా ఇవ్వండి.

మొదటి పని: మార్జిన్‌లో కుటుంబాల పట్టిక

ఆన్సర్ షీట్ మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు తీసుకుని, ప్రశ్నలోని ఒక్కొక్కరి పేరు పక్కన రెండు మాటలు రాసుకోండి. మొదటిది, భూమి మీద ఆయనకున్న హక్కు ఏమిటి. రెండోది, ఇల్లు కదలాలా వద్దా.

ఈ రెండోదాన్ని పట్టించుకోనివాళ్లే ఎక్కువ. 2013 చట్టం 'బాధిత కుటుంబం', 'నిర్వాసిత కుటుంబం' అని రెండు రకాలు పెట్టింది. జీవనాధారం దెబ్బతిన్న ప్రతి కుటుంబం మొదటి రకం. అందులో ఊరు వదిలి మరోచోటికి వెళ్లాల్సి వచ్చేవాళ్లు మాత్రమే రెండో రకం. మన ప్రశ్నలో మస్తాన్ బాధితుడు, నిర్వాసితుడు కాదు. రమణమ్మ రెండూ. ఈ తేడా ఇప్పుడే రాసి పెట్టుకోకపోతే చివర్లో మస్తాన్‌కు రవాణా ఖర్చు ఇచ్చేస్తారు, రమణమ్మకు ఇల్లు మర్చిపోతారు.

ఇప్పుడు సెక్షన్ 3(సి) తెరిచి పేర్లను అందులో పెట్టండి. వెంకయ్య ఉపవాక్యం 1 కిందికి వస్తాడు, అంటే సొంత భూమి పోతున్న కుటుంబం. పెంచలయ్య ఉపవాక్యం 5, అంటే ప్రభుత్వం అసైన్ చేసిన భూమి పోతున్న కుటుంబం. మస్తాన్, రమణమ్మ ఉపవాక్యం 2 కిందికి వస్తారు. సొంత భూమి లేకపోయినా సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పని చేస్తూ ప్రధాన జీవనాధారం కోల్పోయే కౌలుదారులు, పాలికాపులు, వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవాళ్లు అందరూ అందులో ఉన్నారు.

తర్వాత సెక్షన్ 3(ఎం) చూడండి. పెళ్లైనా కాకపోయినా మేజర్ అయిన ప్రతి వ్యక్తీ వేరే కుటుంబమే. వితంతువు, విడాకులు తీసుకున్న స్త్రీ, కుటుంబం వదిలేసిన స్త్రీ కూడా వేరే కుటుంబాలే. కాబట్టి మస్తాన్ ఇంట్లో కుటుంబాలు రెండు: మస్తాన్, అతని భార్య, చిన్న కొడుకు ఒకటి, పెద్ద కొడుకు ఇంకొకటి. పెద్ద కొడుకు మేజర్ అయినంత మాత్రాన సరిపోదు, అతని జీవనాధారం కూడా ఆ పొలమే అయి ఉండాలి. ప్రశ్నలో 'తండ్రితో పాటే పొలం పని చేస్తాడు' అన్న మాట అందుకే ఉంది. అతను నెల్లూరులో ఏదో షాపులో ఉద్యోగం చేస్తున్నాడని ఉంటే జవాబు మారిపోయేది.

ఈ పట్టిక వేసుకున్నాక మిగతా జవాబు సగం అయిపోయినట్టే.

రెండో పని: ప్రజా ప్రయోజనాన్ని పేరు చూసి కాదు, భూమి ఎవరికి చేరుతుందో చూసి తేల్చండి

'పారిశ్రామిక పార్కు వల్ల ఉద్యోగాలు వస్తాయి, కాబట్టి ప్రజా ప్రయోజనమే' అని ఒక్క వాక్యంతో వదిలేయకండి. 'రైతులకు నష్టం, కాబట్టి ప్రజా ప్రయోజనం కాదు' అని కూడా రాయకండి. రెండింటికీ మార్కులు రావు. 2013 చట్టంలో ప్రజా ప్రయోజనం అంటే సెక్షన్ 2(1)లో ఉన్న జాబితా. మీ ప్రాజెక్టు ఆ జాబితాలో ఎక్కడ సరిపోతుందో చూపించాలి. అది మొదటి మెట్టు.

రెండో మెట్టు ఇంకా ముఖ్యం. భూమి చివరికి ఎవరి పేరు మీద ఉంటుంది? ప్రభుత్వం తన సొంత వాడకానికి, తన అధీనంలో ఉంచుకోవడానికి తీసుకుంటే సెక్షన్ 2(1) చాలు. అలాకాక ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యం అయి భూమి యాజమాన్యం ప్రభుత్వం దగ్గరే ఉంటే సెక్షన్ 2(2) వర్తిస్తుంది, 70 శాతం కుటుంబాల ముందస్తు సమ్మతి కావాలి. ప్రైవేటు కంపెనీ కోసమే తీసుకుంటే ప్రజా ప్రయోజనం ఉండాలి, దానికి తోడు 80 శాతం సమ్మతి కూడా కావాలి.

మన ప్రశ్నలో నోటిఫికేషన్ మీద 'పారిశ్రామిక పార్కు' అని ఉంది. కానీ 400లో 320 ఎకరాలు ఒక కంపెనీకి సేల్ డీడ్‌తో వెళ్తున్నాయి, ఆ ఒప్పందం కూడా మొదట్లోనే జరిగింది. యాజమాన్యమే చేతులు మారుతోంది కాబట్టి కనీసం ఆ 320 ఎకరాలకు ఇది ప్రైవేటు కంపెనీ కోసం చేసిన సేకరణే అని వాదించండి. అదే సేల్ డీడ్ బదులు లీజు అని ఉండి, ప్రభుత్వం భాగస్వామిగా ఉందని ఇస్తే భాగస్వామ్యం వైపు బలంగా వాదించవచ్చు.

ఇప్పుడు సంతకాలు లెక్కపెట్టండి. చాలామంది తడబడేది ఈ లెక్కలోనే. సమ్మతి అడగాల్సింది బాధిత కుటుంబాలన్నిటినీ కాదు. సెక్షన్ 3(సి)లోని ఉపవాక్యాలు 1, 5 కింద వచ్చేవాళ్లను మాత్రమే, అంటే భూమి యజమానులను, అసైన్డ్ భూమి ఉన్నవాళ్లను. 90 పట్టా కుటుంబాలు, 30 డీకేటీ కుటుంబాలు కలిపి 120. అందులో 80 శాతం 96. సంతకాలు వంద వచ్చాయంటున్నారు కానీ 12 కౌలుదారులవి, వాటిని తీసేస్తే 88. అంటే 73 శాతం చిల్లర. ప్రైవేటు కంపెనీకైతే చాలదు. భాగస్వామ్యానికైతే 120లో 70 శాతం అంటే 84 చాలు, 88తో నెగ్గుతుంది. ప్రాజెక్టును ఏ పెట్టెలో పెడతామన్నది ఎందుకంత ముఖ్యమో ఈ రెండు అంకెలే చెబుతాయి. ఈ లెక్క జవాబులో కచ్చితంగా చూపించండి.

కౌలుదారుకు సమ్మతి చెప్పే హక్కు లేకపోవడం అన్యాయంగా అనిపిస్తే, అది చట్టం మీద విమర్శగా ఒక వాక్యంలో రాయండి. నాకూ అది ఈ చట్టంలో పెద్ద లోటుగానే కనిపిస్తుంది. సాగు చేసేది ఒకరు, సంతకం పెట్టేది మరొకరు అయిన ఊళ్లు మన తీరంలో చాలానే ఉన్నాయి. కానీ విమర్శ వేరు, ఉన్న చట్టాన్ని వర్తింపజేయడం వేరు. ముందు చట్టం ప్రకారం తేల్చి, తర్వాత విమర్శించండి.

కేసుల విషయానికి వస్తే రెండు చాలు. 1963 నాటి సోమవంతి కేసులో, ప్రజా ప్రయోజనం ఉందన్న ప్రభుత్వ డిక్లరేషన్ తుది నిర్ధారణే అవుతుందని, అయితే అధికారాన్ని ముసుగుగా వాడుకున్న చోట కోర్టు జోక్యం చేసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. డిక్లరేషన్ నిర్ణయాత్మకం అన్న మాట ఇప్పటి చట్టంలోనూ సెక్షన్ 19లో ఉంది. రెండోది 2016లో సింగూరు భూముల మీద వచ్చిన కేదార్‌నాథ్ యాదవ్ కేసు. ఇక్కడ జాగ్రత్త. 'సింగూరులో ప్రజా ప్రయోజనం లేదని సుప్రీంకోర్టు తేల్చింది' అని రాసేస్తుంటారు. ఇద్దరు న్యాయమూర్తులూ సేకరణను కొట్టేశారు కానీ కారణాలు వేరు. జస్టిస్ గోపాల గౌడ అది కంపెనీ కోసం చేసిన సేకరణేనని, ప్రజా ప్రయోజనం కాదని అన్నారు. జస్టిస్ అరుణ్ మిశ్రా ప్రజా ప్రయోజనం ఉందని ఒప్పుకుంటూనే, రైతుల అభ్యంతరాలపై విచారణ సరిగా జరగలేదని కొట్టేశారు. పైగా అది 1894 చట్టం కింద వచ్చిన తీర్పు. ఈ తేడా రాస్తే మీరు తీర్పు చదివారని దిద్దేవాళ్లకు తెలుస్తుంది.

ప్రశ్నలో సామాజిక ప్రభావ అధ్యయనమే చేయలేదని ఇస్తే వెంటనే 'చెల్లదు' అని రాయకండి. ఆంధ్రప్రదేశ్ 2018లో చేసిన సవరణతో సెక్షన్ 10ఏ వచ్చింది. రక్షణ, గ్రామీణ మౌలిక వసతులు, పేదల ఇళ్లు, ప్రభుత్వం పెట్టే పారిశ్రామిక కారిడార్లు, భూమి ప్రభుత్వం పేరు మీదే ఉండే మౌలిక వసతుల ప్రాజెక్టులు వంటివాటికి అధ్యయనం నుంచి, ఆహార భద్రత నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం రాష్ట్రానికి ఉంది. ఒక ప్రైవేటు కంపెనీ సొంత ఫ్యాక్టరీకి అమ్మేసే భూమిని ఈ జాబితాలోకి లాగడం కష్టమని వాదించవచ్చు.

గడువులు చూడటం మర్చిపోకండి. ప్రాథమిక నోటిఫికేషన్ నుంచి 12 నెలల్లో డిక్లరేషన్, డిక్లరేషన్ నుంచి 12 నెలల్లో అవార్డు రావాలి. మన ప్రశ్నలో రెండూ సరిగానే ఉన్నాయి. ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లండి.

మూడో పని: పరిహారం లెక్క, మెట్టు మెట్టుగా

ముందు మార్కెట్ విలువ. సెక్షన్ 26 ప్రకారం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు విలువ, చుట్టుపక్కల రిజిస్ట్రేషన్ల సగటు, కంపెనీ లేదా భాగస్వామ్య ప్రాజెక్టు అయితే ఒప్పుకున్న ధర, వీటిలో ఏది ఎక్కువైతే అది. ఏ తేదీ నాటి విలువ అంటే ప్రాథమిక నోటిఫికేషన్ తేదీ నాటిది. అవార్డు తేదీ కాదు.

రిజిస్ట్రేషన్ల సగటు అంటే ఆరింటినీ కూడి ఆరుతో భాగించడం కాదు. అలా చేస్తే 8 లక్షలు వస్తుంది, తప్పు. ఎక్కువ ధర ఉన్న సగం డీడ్‌లనే తీసుకోవాలి. ఆరులో సగం మూడు: 12, 10, 8. కూడితే 30, సగటు 10 లక్షలు. ఆఫీసు విలువ 6 లక్షలు కాబట్టి పెద్దదైన 10 లక్షలే ఎకరా మార్కెట్ విలువ. ఆ 12 లక్షల డీడ్ రోడ్డు పక్క అంకణాల లెక్కన అమ్మిన ఇంటి స్థలానిదని ప్రశ్నలో ఉంటే, అది అదే రకం భూమి కాదని కలెక్టర్ పక్కన పెట్టవచ్చు. ఇక్కడ అలా లేదు.

వెంకయ్య లెక్క ఇలా సాగుతుంది. రెండెకరాలకు మార్కెట్ విలువ 20 లక్షలు. గుణకం 1.25తో 25 లక్షలు. బోరు, నిమ్మ చెట్లు 3 లక్షలు కలిపితే 28 లక్షలు. దీని మీద నూరు శాతం సొలేషియం, అంటే ఇష్టం లేకుండా భూమి పోతున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము, ఇంకో 28 లక్షలు. మొత్తం 56 లక్షలు. గుణకం వేయకముందున్న 20 లక్షల మీద మాత్రమే సొలేషియం లెక్కగట్టడం, బోరునూ చెట్లనూ సొలేషియం తర్వాత కలపడం తరచూ కనపడే రెండు తప్పులు. మొదటి షెడ్యూల్‌లో వరస స్పష్టంగా ఉంది: విలువ, గుణకం, ఆస్తులు, ఆ తర్వాత సొలేషియం.

ఇంకొకటి మిగిలింది. సెక్షన్ 30(3) ప్రకారం మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనంగా ఇవ్వాలి. సామాజిక ప్రభావ అధ్యయనం నోటిఫికేషన్ తేదీ నుంచి అవార్డు తేదీ దాకా, లేదా స్వాధీనం ముందే జరిగితే అప్పటిదాకా. 2023 జూలై 1 నుంచి 2025 జనవరి 1 దాకా 18 నెలలు. 20 లక్షల మీద ఏడాదికి 2 లక్షల 40 వేలు, ఏడాదిన్నరకు 3 లక్షల 60 వేలు. ఇది మార్కెట్ విలువ మీదే, సొలేషియం మీద కాదు. వెంకయ్యకు భూమి పరిహారం మొత్తం 59 లక్షల 60 వేలు.

పెంచలయ్య దగ్గర లెక్క కన్నా ముందు హక్కు తేల్చాలి. డీకేటీ భూమి అమ్ముకోవడానికి వీల్లేకుండా షరతులతో ఇస్తారు, కాబట్టి ఎక్స్‌గ్రేషియా చాలన్నది అధికారుల వాదన. దీనికి మూడు సమాధానాలున్నాయి. అసైన్డ్ భూమి కుటుంబం బాధిత కుటుంబమని సెక్షన్ 3(సి) చెబుతోంది. భూమి యజమాని అన్న నిర్వచనం, సెక్షన్ 3(ఆర్), అసైన్డ్ భూములను పేరు పెట్టి కలిపింది. అంతకంటే ముందే, 2004లో మేకల పాండు కేసులో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం అసైన్డ్ భూమికి కూడా పట్టా భూమితో సమానంగా పూర్తి మార్కెట్ విలువ ఇవ్వాలని తేల్చింది. మన ప్రాంతం ప్రాబ్లమ్‌లో ఈ కేసు రాయకపోవడం పెద్ద లోపం.

కాబట్టి అదే లెక్క. ఎకరంన్నరకు 15 లక్షలు, గుణకంతో 18 లక్షల 75 వేలు, సొలేషియంతో 37 లక్షల 50 వేలు, 15 లక్షల మీద 18 నెలల అదనం 2 లక్షల 70 వేలు. మొత్తం 40 లక్షల 20 వేలు.

నాలుగో పని: పునరావాసం, అడంగల్‌లో పేరు లేనివాళ్ల దగ్గర ఆగండి

పునరావాసం భూమి లేనివాళ్లకే అనుకోవడం పొరపాటు. రెండో షెడ్యూల్ బాధిత కుటుంబాలన్నిటికీ వర్తిస్తుంది, మొదటి షెడ్యూల్ పరిహారానికి అదనంగా. అంటే వెంకయ్య, పెంచలయ్య కూడా ఇందులో ఉన్నారు. ప్రతి బాధిత కుటుంబానికీ మూడింట్లో ఒకటి ఎంచుకునే అవకాశం ఉంది: ప్రాజెక్టు వల్ల ఉద్యోగాలు వచ్చే చోట ఒకరికి ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా 20 ఏళ్ల పాటు నెలకు 2 వేలకు తగ్గకుండా. దానికి తోడు ఒకసారి ఇచ్చే పునఃస్థాపన భత్యం 50 వేలు.

మస్తాన్‌కు ఇవే వస్తాయి. ఒకేసారి డబ్బు కోరితే 5 లక్షల 50 వేలు, పెద్ద కొడుక్కి వేరుగా మరో 5 లక్షల 50 వేలు. ఇల్లు కదలడం లేదు కాబట్టి ఇల్లు, జీవనభృతి, రవాణా ఖర్చు రావు.

అసలు చిక్కు మస్తాన్ కౌలుదారేనని ఎలా నిరూపించాలన్నది. అడంగల్‌లో యజమాని పేరే ఉంటుంది, ఒప్పందం నోటి మాట. 'రాతపూర్వక కౌలు లేదు కాబట్టి అర్హత లేదు' అని అధికారులు అంటే మీ జవాబు ఏమిటి? చట్టం ఏ రూపంలో ఉన్న కౌలునైనా ఒప్పుకుంటుంది, రిజిస్టర్డ్ లీజు అడగదు. ఇక సాక్ష్యం కావాలి. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే సాగు హక్కు కార్డు ఉంటే మంచిదే. కానీ దానికి యజమాని సంతకం పెట్టాలి, అది 11 నెలలకే పరిమితం, భూమి ఎక్కడ పోతుందోనన్న భయంతో చాలామంది యజమానులు పెట్టరు. అందుకని ఈ-పంట నమోదు, మస్తాన్ పేరు మీద ఎరువుల బిల్లులు, ధాన్యం అమ్మిన రసీదులు, కౌలు డబ్బు ఫోన్‌లో పంపిన వివరాలు, పక్క పొలాల వాళ్ల వాంగ్మూలాలు చూపించాలని రాయండి. మూడేళ్లకు మూడు పంటల ఆధారాలు ఉండాలి, ఒక్క ఏడాది కాగితం చాలదు. పునరావాస సర్వే జాబితాలో పేరు ఎక్కిందో లేదో కూడా చూడాలి. అక్కడ పేరు జారిపోతే అవార్డులోకి రావడం చాలా కష్టం.

రమణమ్మకు ఇల్లు పోతోంది కాబట్టి నిర్వాసిత కుటుంబం. మూడేళ్లకు పైగా ఆ ఇంట్లో ఉంటోంది కాబట్టి కట్టిన ఇల్లు రావాలి. జీవనభృతి నెలకు 3 వేల చొప్పున ఏడాదికి 36 వేలు. రవాణాకు 50 వేలు. గేదె పాకకు కనీసం 25 వేలు. పునఃస్థాపన భత్యం 50 వేలు. ఇవన్నీ 1 లక్షా 61 వేలు. 5 లక్షలు ఎంచుకుంటే నగదు మొత్తం 6 లక్షల 61 వేలు, ఇల్లు వేరు. భర్త పోయిన మనిషిని అత్తమామల కుటుంబంలో కలిపి రాసేయడం ఊళ్లలో జరిగే పని. సెక్షన్ 3(ఎం) ప్రకారం ఆమె వేరే కుటుంబం అని గట్టిగా రాయండి.

ప్రశ్న పారిశ్రామిక పార్కు గురించి కాక వెలిగొండ లాంటి రిజర్వాయరు గురించి అయితే ఇక్కడ రెండు విషయాలు మారతాయి. సాగునీటి ప్రాజెక్టులో భూమి పోయిన కుటుంబానికి సాధ్యమైనంతవరకు ఆయకట్టులో కనీసం ఎకరా భూమి పరిహారానికి బదులుగా ఇవ్వాలి. ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలి. ముంపు గ్రామం అన్న మాట ప్రశ్నలో కనపడగానే ఈ రెండూ గుర్తుకు రావాలి.

ఐదో పని: జేసీబీలను ఆపేది ఏ సెక్షన్, డబ్బు పెంచేది ఏ సెక్షన్

ఈ రెండు దారులు కలిపేసి రాయకండి.

స్వాధీనం గురించి సెక్షన్ 38 స్పష్టంగా ఉంది. అవార్డు నుంచి మూడు నెలల్లో పూర్తి పరిహారం, ఆరు నెలల్లో పునరావాసంలోని డబ్బు భాగం చెల్లించి, లేదా ఇవ్వజూపి, ఆ తర్వాతే కలెక్టర్ స్వాధీనం తీసుకోవాలి. ఆరు నెలల గడువు ఇంకా ఉంది కదా అని ప్రభుత్వం వాదించవచ్చు. గడువు ఉన్నది చెల్లించడానికి. చెల్లించకముందే పొలంలోకి దిగడానికి అది అనుమతి కాదు. మన ప్రశ్నలో భూమి పరిహారం పడింది కానీ పునరావాసం డబ్బు రాలేదు, కాబట్టి మార్చిలో జేసీబీలు దించడం చట్టవిరుద్ధం. సమ్మతి 80 శాతం లేదన్న అభ్యంతరం, ఈ స్వాధీనం మీద అభ్యంతరం రెండూ కలిపి రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయాలి. ఆస్తి హక్కు 300ఎ అధికరణం కింద ఉంది. ఇలాంటి వివాదాల్లో సివిల్ కోర్టు దారి మూసి ఉంది.

మొత్తం తక్కువైందన్నా, విస్తీర్ణం తప్పు కొలిచారన్నా, డబ్బు ఎవరికి రావాలన్న తగాదా అయినా, పునరావాస హక్కులు ఇవ్వలేదన్నా సెక్షన్ 64 కింద కలెక్టర్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, ఇలాంటి వివాదాలు తేల్చే అథారిటీకి పంపమని అడగాలి. అవార్డు ఇచ్చేటప్పుడు అక్కడే ఉన్నవాళ్లకు గడువు ఆరు వారాలు. కౌలుదారులు, జీవనాధారం పోయేవాళ్లు కూడా 'ఆసక్తి గల వ్యక్తి' నిర్వచనంలో ఉన్నారు కాబట్టి మస్తాన్, రమణమ్మ కూడా ఈ దరఖాస్తు పెట్టవచ్చు. భూమి లేదు కదా అని తిప్పి పంపడానికి లేదు.

పెంచలయ్య విషయంలో ఒక సలహా తప్పకుండా రాయాలి. అభ్యంతరం తెలపకుండా డబ్బు తీసేసుకుంటే సెక్షన్ 64 దరఖాస్తు హక్కు పోతుందని సెక్షన్ 77 చెబుతోంది. ఎక్స్‌గ్రేషియా పేరుతో ఇచ్చినా, తక్కువ పరిహారం ఇచ్చినా, రసీదు మీద సంతకం పెట్టేచోటే 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని చేత్తో రాసి, దానికో కాపీ తీసి దగ్గర పెట్టుకోవాలి. డబ్బు నేరుగా ఖాతాలో పడితే అదే మాటతో ఆర్డీవో ఆఫీసులో వెంటనే ఒక ఉత్తరం ఇచ్చి, దాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి.